మిక్సీలో నిప్పురవ్వలు: బ్రష్‌లు మారిస్తే సరిపోతుందా?

మిక్సీ మోటార్ పాడయ్యే ముందు మూడు గుర్తులు కనిపిస్తాయి. గాలి ఆడే సందుల్లోంచి లోపల నిప్పురవ్వలు మెరుస్తాయి. కాలిన వాసన వస్తుంది. ఖాళీ జార్‌తో బాగానే తిరిగిన మోటార్, పప్పు వేయగానే నీరసపడిపోతుంది. ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు ఎక్కువమంది చేయించే పని ఒక్కటే, కార్బన్ బ్రష్‌లు మార్పించడం. అవి చవక, దొరకడం తేలిక, పావుగంటలో పని అయిపోతుంది. నాలుగు రోజులు మిక్సీ బాగానే తిరుగుతుంది కూడా. తర్వాత మళ్లీ అవే రవ్వలు, అదే వాసన.

రాజమండ్రిలో ఒక రిపేరు షాపు బల్ల మీదికి వచ్చిన 750 వాట్ల మిక్సీ సంగతి సరిగ్గా ఇలాంటిదే. కొన్ని నెలల్లోనే దానికి రెండుసార్లు బ్రష్‌లు మార్చారు. గారెలకు మినప్పప్పు గట్టిగా రుబ్బుతుంటే మూడోసారి వాసన వచ్చింది. దాన్ని తెచ్చినావిడను షాపతను మొదట అడిగిన మాట, “అమ్మా, జార్ కూడా తెచ్చారా?” అని.

“జారెందుకు బాబూ? పాడైంది మిక్సీ కదా?”

“మోటార్ ఎందుకు పాడైందో జారే చెబుతుందండీ. మీరు రోజూ వాడే జార్ తెప్పించండి, అప్పుడు విప్పుదాం.”

ఆ మాటలో చాలా విషయం ఉంది. బ్రష్ అరిగిందని కనిపెట్టడం కష్టం కాదు. ఎందుకు అరిగిందో కనిపెట్టకుండా కొత్తది వేస్తే, అదే కారణం కొత్త బ్రష్‌నూ తినేస్తుంది, ఈలోగా దానికంటే ఎంతో ఖరీదైన ఆర్మేచర్‌నూ కాల్చేస్తుంది. ఆ కారణాన్ని వరుసగా ఎలా వెతకాలో ఆ మిక్సీ వెంటే వెళ్లి చూద్దాం.

లోపల జరిగేది

మిక్సీలో ఉండే మోటార్‌ను యూనివర్సల్ మోటార్ అంటారు. ఇందులో రెండు చోట్ల రాగి తీగ చుట్టి ఉంటుంది. కదలకుండా చుట్టూ ఉండేది ఫీల్డ్ కాయిల్. మధ్యలో ఇరుసుతో పాటు తిరిగేది ఆర్మేచర్. కరెంట్ ముందు ఫీల్డ్‌లోంచి, తర్వాత ఆర్మేచర్‌లోంచి ఒకే వరుసలో ప్రవహిస్తుంది. తిరుగుతున్న ఆర్మేచర్‌కి తీగతో కరెంట్ ఇవ్వలేం కాబట్టి, దాని ఒక చివర రాగి పట్టీలతో చేసిన గుండ్రని భాగం ఉంటుంది. దాని పేరు కమ్యుటేటర్. పట్టీకీ పట్టీకీ మధ్య కరెంట్ దాటకుండా మైకా లాంటి పొర ఉంటుంది. రెండు వైపుల నుంచీ రెండు కార్బన్ బ్రష్‌లు స్ప్రింగుల ఒత్తిడితో ఈ పట్టీలకు ఆనుకుని ఉంటాయి. కరెంట్ లోపలికి వెళ్లేదీ బయటికి వచ్చేదీ వాటి ద్వారానే.

జార్ లేకుండా మిక్సీ పెద్ద స్పీడులో నిమిషానికి 18,000 చుట్లకు పైగా తిరుగుతుంది, అంటే సెకనుకు 300 చుట్లు. కమ్యుటేటర్ మీద 24 పట్టీలు ఉన్నాయనుకుంటే ఒక్కో బ్రష్ కింద సెకనుకు 7,200 పట్టీలు దాటిపోతున్నాయన్నమాట. దాటే ప్రతిసారీ ఒక కాయిల్‌లో కరెంట్ దిశ మారుతుంది. ఆ మార్పు దగ్గరే చిన్న రవ్వ పుడుతుంది. కాబట్టి బ్రష్ కింద సన్నగా, నీలంగా, ఒకే చోట నిలకడగా మెరిసే రవ్వ దాదాపు ప్రతి మిక్సీలోనూ ఉండేదే. దానికి కంగారు పడక్కర్లేదు. అది పసుపు రంగుకు తిరిగి, పొడుగ్గా సాగి, చిటపటలాడుతూ కమ్యుటేటర్ చుట్టూ పాకడం మొదలైతే మాత్రం వెంటనే ఆపేయాలి.

నీరసం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తిరుగుతున్న ఆర్మేచర్ తనలోనే ఒక ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. లోపలికి వచ్చే కరెంట్‌ను అదుపులో పెట్టేది ప్రధానంగా అదే. లోడ్ పడి వేగం తగ్గితే ఆ ఎదురు ఒత్తిడీ తగ్గుతుంది, కరెంట్ పెరుగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. పైగా మోటార్‌ను చల్లార్చే ఫ్యాన్ కూడా అదే ఇరుసు మీద ఉంటుంది. వేగం తగ్గితే గాలీ తగ్గుతుంది. నీరసంగా మూలుగుతున్న మిక్సీని “ఇంకొక్క నిమిషం” అని నడిపించడం అన్నిటికంటే ప్రమాదం కావడానికి ఇదే కారణం.

మన వంటకు ఇది కొత్త సమస్య కాదు. 1960లలో బొంబాయిలో మాధురి మాథుర్ వాడుతున్న విదేశీ మిక్సీ మన రుబ్బుడుకు తట్టుకోలేక కాలిపోతే, ఇంజనీరైన ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ గట్టి మోటార్‌తో సొంతంగా ఒక మిక్సీ తయారు చేశారు. సుమీత్ మిక్సీ పుట్టింది అలాగే. పళ్ల రసం తీసే మోటార్‌కీ, మినప్పప్పు రుబ్బే మోటార్‌కీ ఉన్న తేడా అప్పటి నుంచీ మన మిక్సీల తయారీలో భాగమైంది.

వాసనల్లో తేడా

కాలిన వాసన అంతా ఒకటే కాదు. రబ్బరు కాలినట్టు ఘాటుగా ఉంటే చాలాసార్లు జార్ కింది కప్లర్ జారుతోందని, దాని పళ్లు అరిగి ఒకదానిపై ఒకటి రాసుకుంటున్నాయని అర్థం. అప్పుడు మోటార్ వేగంగానే తిరుగుతుంది, బ్లేడు మాత్రమే నెమ్మదిస్తుంది. శబ్దం తగ్గకుండా పప్పు నలగకపోతే ముందు కప్లర్‌ను చూడాలి.

వార్నిష్ మాడిన వాసన వేరు. కాస్త తియ్యగా, ముక్కుకు పట్టి గదిలో చాలాసేపు నిలిచిపోతుంది. రాగి తీగ మీది ఎనామెల్ పూత, దానిపై పోసిన వార్నిష్ వేడెక్కితే వచ్చే వాసన అది. కొత్త మిక్సీని మొదటి కొన్నిసార్లు వాడినప్పుడు ఇలాంటి వాసన కొద్దిగా రావడం మామూలే. ఏళ్ల తరబడి వాడిన మిక్సీలో వస్తే మాత్రం వైండింగ్ దెబ్బతింటోందని అర్థం. పొగ కూడా కనిపిస్తే గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ లాగేయాలి. నీళ్లు చల్లకూడదు.

ముందు జార్, తర్వాత మోటార్

షాపతను మిక్సీని విప్పకుండానే సగం తేల్చేశాడు. ప్లగ్ తీసి ఉండగా జార్‌ను తిరగేసి, కింది కప్లర్‌ను వేలితో తిప్పాడు. బ్లేడు తేలిగ్గా తిరగాలి. ఆ జార్‌లో తిరిగిందిగానీ, పట్టి పట్టి, కరకరలాడుతూ తిరిగింది. తర్వాత జార్‌లో గ్లాసుడు నీళ్లు పోసి పాత కాగితం మీద నిలబెట్టాడు. కాసేపటికి కాగితం మధ్యలో తడి గుండ్రంగా అచ్చుపడింది. బ్లేడు ఇరుసు దగ్గర ఉండే సీలు అరిగి కారుతోంది.

ఆ తర్వాత మోటార్ పైనున్న కప్లర్‌ను పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. అది పక్కకు కదలకూడదు. ఈ మిక్సీలో చేతికి స్పష్టంగా తెలిసేంత ఆట ఉంది. కప్లర్ చుట్టూ ఎండిపోయిన పిండి, దాని కింద తుప్పు మరక. జార్ నుంచి కారిన నీళ్లు ఇరుసు వెంబడి దిగి, పై బుష్‌లోని నూనెను కడిగేశాయి. బుష్ అరిగి వదులైంది. ఇరుసు ఊగితే దాని చివర ఉన్న కమ్యుటేటర్ కూడా ఊగుతుంది. బ్రష్ ఆ పట్టీలను అంటిపెట్టుకుని ఉండలేక ఎగిరెగిరి పడుతుంది. ఎగిరిన ప్రతిసారీ మధ్యలో పెద్ద రవ్వ పుడుతుంది. బ్రష్‌లు రెండుసార్లు ఎందుకు అరిగిపోయాయో ఇక్కడే తేలిపోయింది.

ఇంట్లో ఎవరైనా చేసుకోగల పరీక్ష ఇదే. మిక్సీ ఎక్కడ నీరసపడుతోందో మూడు మెట్లలో చూడాలి. జార్ లేకుండా కొన్ని సెకన్లు నడపాలి. తర్వాత ఖాళీ జార్‌తో, ఆ తర్వాత సరుకుతో. జార్ లేకుండానే రవ్వలు, గరగర శబ్దం ఉంటే లోపం మోటార్‌లో ఉంది. జార్ పెట్టగానే వేగం పడిపోతే జార్ బుష్ పట్టేసిందన్నమాట. మొదటి రెండు మెట్లలోనూ బాగుండి సరుకు వేస్తేనే ఆగిపోతే ముందు సరుకు ఎక్కువైందా, నీళ్లు తక్కువయ్యాయా చూడాలి. మినప్పప్పు, కొబ్బరి, నానబెట్టిన బియ్యం మోటార్‌ను పిండేసే సరుకులు. ఆ తర్వాత ఇంట్లో వోల్టేజి చూడాలి. అవి సరిగా ఉన్నప్పుడే మోటార్‌ను అనుమానించాలి.

అమెరికాకు మిక్సీ పట్టుకెళ్లిన మనవాళ్లకు ఎదురయ్యే నీరసం ఇదే కోవలోది. యూనివర్సల్ మోటార్‌కు 50 సైకిళ్లా 60 సైకిళ్లా అన్నది పెద్ద తేడా కాదు, వోల్టేజి తేడా మాత్రం చాలా పెద్దది. ఇక్కడి 230 వోల్టుల మిక్సీని అక్కడి 120 వోల్టుల మీద నేరుగా పెడితే రవ్వలుండవు, వాసనా ఉండదు, పప్పు వేస్తే మాత్రం కదలదు. అది లోపం కాదు. మిక్సీ వాట్లకు బాగా మించిన సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేదా అక్కడి వోల్టేజికే తయారైన మిక్సీ కొనుక్కోవాలి. అక్కడ కొన్న మిక్సీని తెచ్చి ఇక్కడ నేరుగా పెడితే మాత్రం కాలిపోతుంది.

బ్రష్ ముఖం చూస్తే

అడుగున స్క్రూలు విప్పి మూత తీశారు. ఇక్కడి నుంచి ఇంట్లో చేసే పని కాదని ముందే చెప్పాలి. ప్లగ్ తీసి ఉన్నా కొన్ని మిక్సీల్లో రేడియో గరగరను ఆపేందుకు చిన్న కెపాసిటర్ ఉంటుంది. దానిలో మిగిలిన చార్జి చురుక్కుమనిపించగలదు. మూత తీసి ఉన్న మిక్సీని ప్లగ్‌లో పెట్టి నడపడం మరీ ప్రమాదం. తెలిసిన చేతులకే వదిలేయండి. అయితే షాపతను విప్పుతున్నప్పుడు ఏం చూడాలో మీకు తెలిసి ఉంటే మంచిది.

బ్రష్ చిన్న నల్లటి దిమ్మె. దాని వెనక రాగి జడ లాంటి తీగ, స్ప్రింగు ఉంటాయి. మొదటి పొడవులో మూడో వంతుకు తగ్గితే మార్చాల్సిందే, ఎందుకంటే అప్పటికి స్ప్రింగు సాగిపోయి ఒత్తిడి చాలదు. మార్చేటప్పుడు రెండూ కలిపే మార్చాలి. పొడవు కంటే ఎక్కువ చెప్పేది దాని ముఖం. కమ్యుటేటర్ వంపుకు తగ్గట్టు పుటాకారంగా, అద్దంలా నున్నగా ఉంటే బ్రష్ సరిగా ఆనుతోందన్నమాట. ఈ మిక్సీలో ఒక బ్రష్ అంచు పెళ్లలుగా ఊడిపోయి, ముఖమంతా గుంటలు పడి ఉంది. రెండోది కాస్త నయం. స్ప్రింగు వేడికి రంగు మారి, వేలితో నొక్కితే పట్టు లేకుండా ఉంది.

కొత్త బ్రష్ వేసేటప్పుడు కొలతలు సరిపోతే చాలదు. పాత దానికి తగిన రకం కార్బన్ కావాలి. మరీ గట్టి కార్బన్ అయితే బ్రష్ అరగదుగానీ రాగిని కోసేస్తుంది. గూటిలో బ్రష్ బిగుసుకోకుండా, అలాగని పక్కకు ఊగకుండా జారాలి. వేసిన తర్వాత ముఖాన్ని వంపుకు కూర్చోబెట్టాలి. దానికి సన్నని ఇసుక కాగితాన్ని గరుకు వైపు పైకి ఉండేలా కమ్యుటేటర్‌కు చుట్టి, ఇరుసును చేత్తో కొన్ని చుట్లు తిప్పుతారు. తర్వాత ఆ పొడి తుడిచి, మొదట లోడ్ లేకుండా చిన్న స్పీడులో విరామాలిస్తూ కాసేపు నడుపుతారు. ఈ పని చేయకుండా కొత్త బ్రష్‌తో నేరుగా గారెల పిండి రుబ్బితే, ముఖంలో కొంత భాగమే ఆని, ఆ కొద్ది చోటే కరెంటంతా మోయాల్సి వస్తుంది.

ఆర్మేచర్ అసలు కథ

ఆర్మేచర్ బయటికి తీశాక షాపతను దాన్ని వెలుతురులోకి పట్టుకుని మెల్లగా తిప్పాడు. ఆరోగ్యంగా ఉన్న కమ్యుటేటర్ అంతా ఒకే ముదురు గోధుమ రంగులో ఉంటుంది. అది మురికి కాదు, బ్రష్ వేసిన పలుచని పొర. బ్రష్ జారడానికి అదే సాయం చేస్తుంది. కాబట్టి నిగనిగలాడే రాగి కనిపించేదాకా తోమకూడదు. ఇక్కడ మాత్రం చుట్టూ నల్లటి మచ్చలున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా పక్కపక్కనే ఉన్న రెండు పట్టీల అంచులు కాలి గుంటపడ్డాయి. మిగతావాటికీ వీటికీ తేడా గోటితో రాస్తేనే తెలుస్తుంది.

“మచ్చ అన్ని పట్టీల మీదా ఉంటే ఊగుడు, మురికి, బ్రష్‌లు, ఇలా ఏదైనా కావచ్చు. రెండు పట్టీల మధ్యే ఉంటే వాటి కాయిల్‌నే చూడాలి” అన్నాడు. మల్టీమీటర్‌ను అన్నిటికంటే తక్కువ ఓమ్‌ల మీద పెట్టి, రెండు కొనలూ కలిపి తీగల సొంత విలువ ఎంతో ముందు చూసుకున్నాడు. తర్వాత పక్కపక్క పట్టీల మధ్య ఒక్కొక్క జతనూ కొలుస్తూ పోయాడు. 24 జతల్లో 23 జతలు, తీగల విలువ తీసేస్తే, సుమారు 0.8 ఓమ్‌లు చూపాయి. కాలిన రెండు పట్టీల మధ్య మాత్రం మీటరు 18 ఓమ్‌లు దాటింది.

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మొత్తం బోధపడుతుంది. కమ్యుటేటర్ మీది కాయిల్స్ అన్నీ ఒకదాని చివర ఇంకొకటి కలుస్తూ వలయంలా ఉంటాయి. రెండు పట్టీల మధ్య ఉన్న కాయిల్ తెగిపోతే మీటరు కరెంట్‌కు ఆ దగ్గరి దారి లేదు. అది మిగిలిన 23 కాయిల్స్ చుట్టూ తిరిగి రావాలి. 23ను 0.8తో గుణిస్తే 18.4. తీగ ఎక్కడో లోపల తెగలేదు. పట్టీ కొక్కెంలో తీగ చివరను నొక్కి అతికిన చోట వేడికి అతుకు వదులై విడిపోయింది. అన్ని రవ్వలూ పడి పడి ఆ చోటు బలహీనపడింది.

ఇక మూడు గుర్తులూ ఒకే చోట ఎలా పుట్టాయో చూడండి. ఆర్మేచర్‌లో కరెంట్ రెండు దారులుగా చీలి ప్రవహిస్తుంది. ఒక కాయిల్ తెగితే ఒక దారి మూసుకుంటుంది. అప్పుడు మొత్తం కరెంట్‌ను రెండో దారి ఒక్కటే మోయాలి. అందుకే లోడ్ మీద బలం చాలదు. సగం తీగలు మామూలు కంటే ఎక్కువ కరెంట్ మోస్తూ మాడతాయి, వార్నిష్ వాసన అదే. తెగిన చోటు బ్రష్ కిందికి వచ్చిన ప్రతిసారీ బ్రష్ రెండు పట్టీలనూ కలిపి దారి తెరుస్తుంది, దాటగానే దారి తెగుతుంది. తెగే క్షణంలో ఎగిరేదే ఆ పెద్ద రవ్వ. బ్రష్‌లు రెండు కాబట్టి ఇరుసు చుట్టుకు రెండుసార్లు, అంటే సెకనుకు కొన్ని వందలసార్లు అదే పట్టీ దగ్గర ఆ రవ్వ పడుతుంది. ఈ మిక్సీకి ఎన్ని కొత్త బ్రష్‌లు వేసినా ఫలితం ఉండదని ఆ ఒక్క అంకే తేల్చింది.

తెగడానికి బదులు కాయిల్‌లో చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయి షార్ట్ అయితే మీటరులో ఇంకో రకంగా కనిపిస్తుంది. ఆ జత మిగతావాటికంటే బాగా తక్కువ చూపుతుంది. అయితే రెండు మూడు చుట్లే షార్ట్ అయితే మామూలు మల్టీమీటర్ ఆ తేడాను పట్టుకోలేదు. అలాంటప్పుడు వైండింగ్ షాపుల్లో ఉండే గ్రోలర్ కావాలి. అది కరెంట్‌తో పనిచేసే అయస్కాంతం. దాని మీద ఆర్మేచర్‌ను పడుకోబెట్టి పైన హాక్సా బ్లేడు ముక్కను పట్టుకుని, ఆర్మేచర్‌ను తిప్పుతూ ఒక్కొక్క గాడినీ బ్లేడు కిందికి తెస్తారు. షార్ట్ అయిన కాయిల్ ఉన్న గాడి మీద బ్లేడు గజగజ వణుకుతుంది. ఇంకొక పరీక్ష ఇరుసుకూ పట్టీలకూ మధ్య కరెంట్ పారుతోందా అన్నది. అక్కడ మీటరు ఏమీ చూపకూడదు. చూపితే ఆ మోటార్ షాక్ కొట్టగలదు. దాన్ని ఇక వాడకూడదు.

పట్టీల మధ్య సందుల్లో కార్బన్ పొడి నిండి రవ్వలు రావడం ఇంతకంటే తేలికైన సమస్య. సన్నని పరికరంతో సందులు గీకి, పొడి కుంచెతో దులిపేస్తే సరిపోతుంది. దానికి నల్లటి ఎమెరీ కాగితం వాడకూడదు. ఆ రజను సందుల్లో ఇరుక్కుని కొత్త సమస్య తెస్తుంది. నూనె, కిరోసిన్ అసలే వద్దు.

ఫీల్డ్ వైండింగ్ ఏం చెబుతుంది

ఫీల్డ్ కాయిల్‌కు ముందు కళ్లే మీటరు. రెండు పక్కల కాయిల్స్ ఒకే రంగులో ఉండాలి. ఒకటి తేనె రంగులో, రెండోది మాడిన పంచదార రంగులో ఉంటే మాడినదాన్ని అనుమానించాలి. చాలా మిక్సీల్లో స్పీడు మార్చేందుకు ఫీల్డ్ చుట్లలోంచే తీగలు బయటికి తీస్తారు. కాబట్టి 1వ స్పీడు తీగ దగ్గర రెసిస్టెన్స్ ఎక్కువగా, 2, 3 దగ్గర మెట్లుగా తక్కువగా ఉండాలి. ఒక మెట్టు మాయమైతే ఆ భాగం షార్ట్ అయి ఉండవచ్చు.

షార్ట్ అయిన ఫీల్డ్ నడకలో ఒక విచిత్రం ఉంది. జార్ లేనప్పుడు మిక్సీ మామూలు కంటే వేగంగా, కీచుమంటూ తిరుగుతుంది. అయస్కాంత బలం తగ్గితే ఈ మోటార్ ఖాళీగా ఉన్నప్పుడు వేగం పుంజుకుంటుంది, లోడ్ పడితే నిలబడదు. “ఖాళీగా భలే తిరుగుతోంది, పప్పు వేస్తేనే ఆగుతోంది” అన్న మిక్సీలో వేడి కూడా గట్టిగా ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రాజమండ్రి మిక్సీలో ఫీల్డ్ రెండు వైపులా ఒకే రంగులో ఉంది, స్పీడు మెట్లు సరిగా ఉన్నాయి, బాడీకి ఎక్కడా అంటలేదు. దాన్ని అలాగే ఉంచారు.

ఏది బాగుచేయాలి, ఏది మార్చాలి

ఆర్మేచర్‌ను మళ్లీ చుట్టించవచ్చా అని ఆవిడ అడిగారు. నీళ్ల మోటార్‌కు చుట్టించినట్టే దీనికీ చుట్టిస్తే చాలుకదా అన్నది సహజమైన ప్రశ్న. షాపతను ఒప్పుకోలేదు. సెకనుకు 300 చుట్లు తిరిగే ఆర్మేచర్‌లో ఒక పక్క కొద్దిగా బరువెక్కినా ఇరుసు ఊగి, కొత్త బుష్ మళ్లీ పోతుంది. చుట్టాక వార్నిష్ పూర్తిగా లోపలికి పట్టాలి, ఆరాలి, తూకం సరిచూడాలి. ఆ ఏర్పాట్లున్న చోట తప్ప చుట్టించడం నిలవదు. అదే మోడల్ ఆర్మేచర్ కొత్తది దొరికితే వేయడమే మంచిది. వేసే ముందు పాతదానితో పక్కపక్కన పెట్టి ఇరుసు పొడవు, ఇనుప భాగం పొడవు, గాడుల సంఖ్య, పట్టీల సంఖ్య సరిపోయాయో చూడాలి.

చివరకు ఆ మిక్సీకి వేసినవి ఇవి: కొత్త ఆర్మేచర్, కొత్త పై బుష్, కొత్త బ్రష్‌లు, స్ప్రింగులు, జార్‌కు కొత్త బ్లేడు బుష్, సీలు. చివరి రెండూ లెక్కలో అన్నిటికంటే చిన్నవి. అవి వేయకపోతే మిగతా డబ్బంతా నీళ్లపాలయ్యేది. పని అయ్యాక ఆవిడ ముందే జార్‌లో నీళ్లు పోసి కాగితం మీద నిలబెట్టి చూపించాడు. కాగితం పొడిగానే ఉంది.

ఆర్మేచర్, ఫీల్డ్ రెండూ కాలి ఉంటే ఖర్చు లెక్క వేసుకోవాలి. ఒకటే కాలితే రిపేరు, రెండూ కాలితే కొత్త మిక్సీ ధరతో పోల్చి చూసుకోవడం షాపుల్లో వాడే లెక్క, సబబైనదే. రిపేరు షాపులో అడగాల్సింది కూడా ఒకటుంది. “బ్రష్‌లు ఎందుకు అరిగాయి?” అని అడగండి. బుష్ వదులా, కమ్యుటేటర్ మచ్చలా, స్ప్రింగు పట్టా, జార్ కారుడా, ఏదో ఒక జవాబు రావాలి. జవాబు లేకుండా బ్రష్‌లు మాత్రమే మారిస్తే మీరు మళ్లీ అదే షాపుకు వస్తారు.

అడుగున ఉండే ఎర్ర బటన్ సంగతి మర్చిపోవద్దు. అది ఓవర్‌లోడ్ స్విచ్. కరెంట్ మితిమీరితే అదే ఆపేస్తుంది. మోటార్ చల్లారాక నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. మాటిమాటికీ పడిపోతోందని కొందరు దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేస్తారు. అప్పుడు ఇక మోటార్‌ను ఆపేది ఏదీ ఉండదు, వైండింగ్ కాలేదాకా తిరుగుతుంది. ఎర్ర బటన్ తరచుగా పడిపోతే జార్ బుష్ పట్టేసిందో, బ్రష్‌లు పోయాయో, వైండింగ్ దెబ్బతిన్నదో చూడాలి తప్ప బటన్‌ను కాదు.

ఇంట్లో రోజూ చేయగలిగినవి కొద్దే. మిక్సీ వెనక పలకపై రాసి ఉండే 30 నిమిషాల రేటింగ్ అంటే ఏకధాటిగా అరగంట అని కాదు. సాధారణంగా 5 నిమిషాలు నడిపి 2 నిమిషాలు ఆపుతూ మొత్తం అరగంట అని. గట్టి పిండికి జార్‌లో సగానికి మించి వేయకుండా, ముందు చిన్న స్పీడుతో మొదలుపెట్టాలి. మోటార్ గొంతు మూలుగుగా మారగానే ఆపి, కొంచెం నీళ్లు కలపాలి. జార్ కడిగాక దాని కింద తడి తుడిచే మిక్సీ మీద పెట్టాలి. నెలకోసారి ప్లగ్ తీసి కప్లర్‌ను ఊపి చూడాలి, జార్ బ్లేడును వేలితో తిప్పి చూడాలి, జార్‌ను కాగితం మీద పెట్టి కారుతోందేమో చూడాలి. కారడం కనిపించిన రోజే సీలు మార్పిస్తే, బుష్ నుంచి బ్రష్‌కూ, బ్రష్ నుంచి ఆర్మేచర్‌కూ పాకే నష్టం మొదట్లోనే ఆగిపోతుంది.